అవకలజం మధ్య విలువలను ఎందుకు వదిలిపెట్టలేదు? డార్బూ సిద్ధాంతాన్ని నిరూపించడం ఎలా?

అవిచ్ఛిన్న ప్రమేయం 0 నుంచి 1కి వెళ్లాలంటే నడుమ ఉన్న ప్రతి విలువనూ తాకాల్సిందే. అవకలజం కూడా అంతే. అయితే దానికి అవిచ్ఛిన్నత అక్కరలేదు. 1875లో ఫ్రెంచి గణితవేత్త గాస్టన్ డార్బూ చూపించిన ఈ ఫలితాన్ని నిరూపించడానికి అర పేజీ చాలు. కానీ ఆ అర పేజీలో ఒక్క వాక్యాన్ని చాలామంది తప్పుగా రాస్తున్నారు.

కావలసినవి రెండే. సంవృత అంతరంలో అవిచ్ఛిన్న ప్రమేయానికి కనిష్ఠ విలువ ఉంటుంది. ఆ కనిష్ఠం అంతరం లోపలి బిందువు దగ్గర వస్తే, అక్కడ అవకలజం ఉన్నప్పుడు అది సున్నా అవుతుంది. ఈ రెండూ ఇంటర్ పుస్తకాల స్థాయి విషయాలే.

1. `[a, b]` అంతటా `f` అవకలనీయం అనుకోండి. `f'(a) < k < f'(b)` అయ్యేలా `k` తీసుకోండి. అంతరం లోపల ఏదో ఒక `c` దగ్గర `f'(c) = k` అని చూపాలి.

2. `g(x) = f(x) − kx` అని రాయండి. అప్పుడు `g'(a) < 0`, `g'(b) > 0`. ఇక వెతకాల్సింది `g'` సున్నా అయ్యే చోటు మాత్రమే. `f` అవకలనీయం కాబట్టి `g` అవిచ్ఛిన్నం, కనుక దానికి ఎక్కడో కనిష్ఠం ఉంది.

3. ఆ కనిష్ఠం `a` దగ్గరా రాదు, `b` దగ్గరా రాదు అని చూపాలి. తొందరపడకూడని చోటు ఇదే.

ఇక్కడ చాలామంది "`g'(a)` రుణాత్మకం కాబట్టి `a` పక్కన `g` తగ్గుతూ పోతుంది" అని రాసేస్తారు. అది తప్పు. ఒక బిందువు దగ్గరి అవకలజం ఆ బిందువు గురించే చెబుతుంది, పక్క బిందువుల వాలు గురించి ఏమీ చెప్పదు. పక్కన కూడా అదే గుర్తు ఉంటుందనుకోవడమంటే, అవకలజం అవిచ్ఛిన్నమని చాటుగా ఊహించుకోవడమే. ఆ ఊహ లేకుండా నిలబడుతుంది కాబట్టే ఈ సిద్ధాంతానికి విలువ.

`h(x) = x² sin(1/x) − x/2`, `h(0) = 0` తీసుకుని చూడండి. నిర్వచనం ప్రకారం `h'(0) = −1/2`. కానీ `x = 1/π, 1/(3π), 1/(5π)…` దగ్గర లెక్క వేస్తే `h'` విలువ `+1/2` వస్తుంది. సున్నాకు ఎంత దగ్గరికి వెళ్లినా `h` పెరిగే చోట్లు ఉన్నాయి. అయినా `0 < x < 1/2` అయితే `x² sin(1/x) ≤ x² < x/2` కాబట్టి `h(x) < h(0)`. అంటే `h` తగ్గుతూ పోకపోయినా, `h(0)` కంటే కిందే ఉంటుంది. మనకు కావలసిందీ అంతే.

కాబట్టి నిష్పత్తితోనే రాయండి. `(g(x) − g(a))/(x − a)` అవధి రుణాత్మకం, అందువల్ల `a`కు కుడివైపు, తగినంత దగ్గరున్న ప్రతి `x`కు ఈ నిష్పత్తి రుణాత్మకమే. హారం ధనాత్మకం, కనుక `g(x) < g(a)`. `a` కనిష్ఠ బిందువు కాదు. `b` దగ్గర గుర్తులను మళ్లీ చూసుకోండి. అక్కడ నిష్పత్తి ధనాత్మకం, కానీ `x < b` కాబట్టి హారం రుణాత్మకం. లవమూ రుణాత్మకం కావాలి, అంటే `g(x) < g(b)`. "ఇదే విధంగా" అని దాటేసే చోట గుర్తు తారుమారవుతుంది. రెండు వైపులా పూర్తిగా రాయాల్సిందే.

4. కనిష్ఠం లోపలి `c` దగ్గరే ఉంది. `g'(c) = 0`, అంటే `f'(c) = k`.

`f'(a) > k > f'(b)` అయితే కొత్తగా ఏమీ చేయకండి, `−f`కు ఇదే నిరూపణ వాడండి. జ్యాల వాలులతో, మధ్యమ మూల్య సిద్ధాంతంతో చేసే మరో నిరూపణ ఉంది. అదీ సరైనదే, కానీ దానికి రెండు సహాయక ప్రమేయాలు, వాటి అవిచ్ఛిన్నత, అంతరం కొసల దగ్గర ప్రత్యేక జాగ్రత్త అన్నీ కావాలి. ఇక్కడ ఒక్క `g` సరిపోతుంది. మొదటిసారి నేర్చుకునేవారు ఈ దారిలోనే రావాలి.

ఇప్పుడు దీన్ని వాడి చూడండి. `x < 0` అయితే 0, `x ≥ 0` అయితే 1 విలువ తీసుకునే మెట్టు ప్రమేయం దేనికైనా అవకలజం అవుతుందా? కాదు, అది 1/2ను తాకదు. బలవంతంగా కట్టబోతే, ఎడమన చదునుగా ఉండి కుడివైపు `x`గా లేచే గీత వస్తుంది. దానికి సున్నా దగ్గర ఎడమ వాలు 0, కుడి వాలు 1, కనుక అక్కడ అవకలజమే లేదు. అవకలజానికి ఇలాంటి గెంతు ఎప్పుడూ ఉండదు. అది తెగితే `x² sin(1/x)` అవకలజంలా తెగాలి: సున్నాను సమీపిస్తున్నప్పుడు −1కీ 1కీ మధ్య ఆగకుండా ఊగుతూ, ఏ అవధికీ చేరకుండా.