ఎస్‌ఓడబ్ల్యూలో 15 రోజులని ఉన్నా డబ్బు రావడం లేదా? ముందు ఎంఎస్‌ఏ తెరవండి

సమస్య: పని అప్పగించారు, ఇన్వాయిస్ పంపారు, స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్, అంటే ఎస్‌ఓడబ్ల్యూలోని 15 రోజులూ దాటాయి. క్లయింట్ అకౌంట్స్ వాళ్లు మాత్రం "ఇంకా గడువుంది కదండీ" అంటున్నారు.

బరంపురం, రాయగడ వైపు మన పిల్లలు నడిపే చిన్న టీమ్‌ల కాగితాలు చాలా చూశాను. అందరూ ఎస్‌ఓడబ్ల్యూ ఒక్కటే తెస్తారు. మాస్టర్ సర్వీసెస్ అగ్రిమెంట్, అంటే ఎంఎస్‌ఏ ఏదంటే, "అది రెండేళ్ల కిందటే సంతకం పెట్టేశాం కదన్నా" అంటారు. ఏ పని, ఎప్పటికి, ఎంతకి అనేది ఎస్‌ఓడబ్ల్యూ చెబుతుంది. ఏ ఎస్‌ఓడబ్ల్యూకైనా వర్తించే షరతులు ఎంఎస్‌ఏలో ఉంటాయి. రెండూ కలిపి చదవాల్సిందే.

కారణం: ఎంఎస్‌ఏ చివరి పేజీల్లో, రెండు పత్రాలకూ తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజ్ సాధారణంగా ఉంటుంది. ఒక బరంపురం టీమ్ పత్రంలో అది 18.2. "తేడా వస్తే ఎంఎస్‌ఏదే చెల్లుతుంది. ఎస్‌ఓడబ్ల్యూ ఫలానా క్లాజ్ నంబర్ చెప్పి దాన్ని మారుస్తున్నామని రాస్తేనే మినహాయింపు" అని దాని సారాంశం. చెల్లింపు క్లాజ్ 7.3 ప్రకారం, క్లయింట్ రాతపూర్వకంగా పని అంగీకరించాక 45 రోజులు. వీళ్ల ఎస్‌ఓడబ్ల్యూలో "ఇన్వాయిస్ తర్వాత 15 రోజులు" అని ఉంది, 7.3 ఊసే లేదు. జూన్ 3న పని అప్పగించి, అదే రోజు ఇన్వాయిస్ పంపి, 18కల్లా 4 లక్షలు వస్తాయని జీతాలు లెక్కేసుకున్నారు. క్లయింట్ అంగీకారం జులై 1న వచ్చింది. అంటే ఎంఎస్‌ఏ లెక్కన గడువు ఆగస్టు 15. నేను కూడా మొదట్లో ఇలాగే దెబ్బ తిన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరిష్కారం: తర్వాతి ఎస్‌ఓడబ్ల్యూలో, మీ ఎంఎస్‌ఏలోని క్లాజ్ నంబర్లు వేసి, ఈ వాక్యం పెట్టండి: "ఎంఎస్‌ఏ క్లాజ్ 18.2 ప్రకారం, ఈ ఎస్‌ఓడబ్ల్యూ వరకు క్లాజ్ 7.3కు బదులు, ఇన్వాయిస్ అందిన 15 రోజుల్లో చెల్లించాలి." అంగీకారానికీ గడువు రాయించండి: 7 పని దినాల్లో లోపాలు రాసి పంపకపోతే అంగీకరించినట్టే. నడుస్తున్న ఎస్‌ఓడబ్ల్యూకైతే సవరణ పత్రం మీద ఇరువైపులా సంతకాలు కావాలి. సవరణకు సంతకాలు ఉండాలని ఎంఎస్‌ఏలో ఉంటే, మేనేజర్ మెయిల్‌లో "ఓకే" అన్నది నమ్ముకోకండి.

మీకు సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందునుంచే ఉంటే ఇంకో దారి ఉంది. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే పని అప్పగించిన రోజే అంగీకారం జరిగినట్టు. అక్కడినుంచి 45 రోజులు మించకూడదు. పై కేసులో అభ్యంతరమేదీ రాలేదు కాబట్టి గడువు జులై 18 అవుతుంది, ఆగస్టు 15 కాదు. ఆ తేదీ వేసి అకౌంట్స్ వాళ్లకు లెటర్ పంపండి.