సహోద్యోగికి సంతాప సందేశం: పంపే ముందు జాగ్రత్తలు

పోయింది ఎవరో రూఢి చేసుకోండి. కోనసీమలో "మావయ్యగారు" అంటే మేనమామ కావచ్చు, భార్య తండ్రీ కావచ్చు. ఇక్కడ తప్పితే ఆ తర్వాత ఎంత బాగా రాసినా దండగే.

"మీ నాన్నగారు చనిపోయినందుకు సంతాపం" ఆఫీసు నోటీసులా ఉంటుంది. "నాన్నగారు ఇక లేరని తెలిసి చాలా బాధ కలిగిందండి" అనండి.

శ్రద్ధాంజలి పోయినవారికి, సానుభూతి వారి కుటుంబానికి. తారుమారు చేయొద్దు.

ఒత్తులు చూడండి: "ప్రఘాడ" కాదు ప్రగాఢ, "శ్రద్దాంజలి" కాదు శ్రద్ధాంజలి, "దిగ్బ్రాంతి" కాదు దిగ్భ్రాంతి.

"శివైక్యం" లాంటి మాట ఆ ఇంటి నమ్మకం తెలిస్తేనే.

"డ్యూటీకి ఎప్పుడొస్తారు?" వద్దు. "ఈ నెల బిల్లులు నేను చూస్తానండి, జవాబు ఇవ్వక్కర్లేదు" అంటే భారం తగ్గుతుంది.