ఫోన్‌లో కాస్ట్ బటన్ కనిపించకపోతే రౌటర్‌ను చూడండి
టీవీలోనూ ఫోన్‌లోనూ ఇంటర్నెట్ చక్కగా పనిచేస్తున్నా యాప్‌లో వీడియోను టీవీకి పంపే కాస్ట్ బటన్ మాత్రం కనిపించకపోతే, యాప్‌ను తొలగించి మళ్లీ వేసుకునే ముందు రెండూ ఏ వైఫైలో ఉన్నాయో చూడండి. ఫోన్ స్థానిక నెట్‌వర్క్‌లోకి ఒక పిలుపు పంపుతుంది; దానికి టీవీ బదులిస్తేనే ఆ బటన్ కనబడుతుంది. అతిథుల కోసం రౌటర్‌లో విడిగా ఉంచే గెస్ట్ నెట్‌వర్క్ సాధారణంగా పరికరాలకు ఇంటర్నెట్‌ను మాత్రమే ఇచ్చి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా అడ్డుకుంటుంది కాబట్టి ఆ పిలుపు టీవీని చేరదు.

రెండింటి ఐపీ చిరునామాలను పోల్చండి. ఫోన్‌ది 192.168.1.20, టీవీది 192.168.2.15 అయితే అవి బహుశా వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నట్లే. రెండింటినీ ప్రధాన వైఫైకి మార్చండి. అయితే చిరునామాలు ఒకే వరుసలో ఉన్నంత మాత్రాన దారి తెరిచి ఉందని అనుకోకూడదు. రెండూ ప్రధాన వైఫైలోనే ఉన్నా బటన్ రాకపోతే, రౌటర్ వైర్‌లెస్ సెట్టింగులలో పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివ్వని AP Isolation లేదా Client Isolation అనే ఎంపికను ఆపివేసి, టీవీని ఒకసారి ఆపి తిరిగి ఆన్ చేయండి. గెస్ట్ నెట్‌వర్క్‌లో మాత్రం ఆ రక్షణను అలాగే ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

రౌటర్ మీ చేతిలో లేని చోట, యూట్యూబ్‌కు మాత్రం ఒక దారి ఉంది: టీవీ యాప్‌లో కనిపించే కోడ్‌ను ఫోన్ యాప్‌లో నమోదు చేస్తే, ఆ జత ఇంటర్నెట్ ద్వారానే కుదురుతుంది.