సంక్రాంతి ముందు ఐదొందల నోటు: ఫ్లాష్ వేసి ఫోటో తీయకండి

కొన్ని ఐదొందల దొంగ నోట్ల మీద ‘రిజర్వ్’ అనే ఇంగ్లీషు మాటలో ఒక ‘ఇ’ బదులు ‘ఏ’ పడిందని 2025 ఏప్రిల్‌లో వార్తలొచ్చాయి. అప్పట్నుంచి కొందరు స్పెల్లింగ్ ఒక్కటీ చూసి నోటు జేబులో పెట్టేసుకుంటున్నారు. దొంగ నోట్లన్నిట్లోనూ అదే తప్పు ఉండాలని ఏముంది? పండగకి సంతల్లో, బట్టల కొట్లలో, పందేల బరుల దగ్గర నగదు తెగ చేతులు మారుతుంది. అనుమానం వచ్చినవాళ్లు ఫోటో తీసి ఎవరికో ఒకరికి పంపి అడుగుతారు. ఏళ్ల తరబడి క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి గనక నాకూ వస్తుంటాయి. వాటిలో చాలావరకు ఎందుకూ పనికిరావు. ఫ్లాష్ వేసి, ఎదురుగా, ఒక్కటంటే ఒక్క ఫోటో తీస్తారు.

ఎందుకు పనికిరాదంటే, వాటర్‌మార్క్ అచ్చు వేసింది కాదు. కాగితం మందంలోనే తేడా ఉంటుంది, ఆ తేడా వెనకనుంచి వెలుతురు పడితేనే తెలుస్తుంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే అసలు నోటులో కుడివైపు గాంధీ వాటర్‌మార్క్ ఉండే ఖాళీ జాగా దాదాపు తెల్లగానే కనిపిస్తుంది. దొంగ నోటులో మాత్రం గాంధీ బొమ్మను లేత ఇంకుతోనో, జిడ్డులాంటి దానితోనో అద్దుతారు కాబట్టి ఎదురు వెలుతురులోనే చక్కగా కనిపిస్తుంది. అది చూసి ‘వాటర్‌మార్క్ ఉంది, ఒరిజినలే’ అని గ్రూపులో పదిమంది తీర్పు చెప్పేస్తారు. అనుమానించాల్సింది సరిగ్గా దాన్నే.

మా వీధిలో కూరగాయలమ్మే ఆవిడ నోటు విషయంలో ఇదే జరిగింది. వాళ్లబ్బాయి పంపిన మొదటి ఫోటోలో గాంధీ బొమ్మ స్పష్టంగా ఉంది. ‘ఫ్లాష్ తీసేసి, నోటు కిటికీ అద్దానికి ఆనించి మళ్లీ తియ్యరా’ అన్నాను. రెండో ఫోటోలో బొమ్మ అంచులు గీత గీసినట్టున్నాయి. ముఖంలో వెలుగునీడలు ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోవాలి, ఇక్కడ ఒకటే మసక. పక్కనే కాంతిగా కనపడాల్సిన 500 అంకె అసలే లేదు. ఇక నోటులో నిలువుగా ఉండే దారం. అసలు నోటులో అది ముందువైపు ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పైనుంచి కిందిదాకా తెగని గీత అవుతుంది. ఆ నోటులో కిటికీ దగ్గరా ముక్కలే కనిపించాయి. పైన అతికించారన్నమాట.

దారం రంగు ఒక్క ఫోటోలో తేలదు. తిన్నగా ఒకటి, నోటును వంచి ఒకటి తీయండి, లేదా చిన్న వీడియో తీయండి. ఆకుపచ్చ రంగు నీలంలోకి మారాలి. కుడివైపు కింద రూపాయి గుర్తుతో ఉన్న 500 కూడా అలాగే మారాలి.

అచ్చు గరుకు చూడాలంటే గది చీకటి చేసి, నోటును బల్ల మీద పరిచి, ఇంకో ఫోన్ టార్చిని నోటు పక్కనే బల్లకి ఆనించి పెట్టండి. అలా అడ్డంగా వెలుతురు పడితే రెండు అంచుల్లో ఉన్న ఐదేసి ఏటవాలు గీతలు, గాంధీ బొమ్మ, అశోక స్తంభం ఉబ్బెత్తుగా సన్నటి నీడ వేస్తాయి. ఇక్కడా ఫ్లాష్ వేశారా, ఆ నీడ చచ్చిపోతుంది. బాగా నలిగిన నోటులో గరుకు అరిగిపోతుంది కాబట్టి, అది లేదని మాత్రమే దొంగ నోటు అనకండి.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను. దగ్గరగా తీసేటప్పుడు భూతద్దం లెన్స్ ముందు పెట్టండి. సన్న గీతలు గీతల్లా కాకుండా రంగురంగుల చుక్కల్లా విడిపోతే అది ఇంక్‌జెట్ ప్రింటు. ఫిల్టర్లు వద్దు. వాట్సాప్‌లో ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే ఆ గీతలు అలుక్కుపోతాయి. ఆకుపచ్చ దారం గాంధీకి దగ్గరగా ఉంటే దొంగ నోటని తిరిగే మెసేజ్ అబద్ధం. నంబరులో నక్షత్రం గుర్తుంటే దొంగ నోటన్నదీ అబద్ధమే. రిజర్వ్ బ్యాంకు వారి ‘మణి’ యాప్ చూపులేనివాళ్లకి అది ఎంత నోటో చెప్పడానికే, అసలో నకిలీయో చెప్పదు. కట్టలో పై నోటు ఒక్కటే ఫోటో తీసి ఊరుకోకండి. ఫ్లాష్ వేయకండి. దొంగ నోటని తెలిశాక ఇంకొకరికి అంటగట్టకండి, భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద మీరే ముద్దాయి అవుతారు. చించకండి, కాల్చకండి. బ్యాంకుకి తీసుకెళ్లండి. వాళ్లు ముద్ర వేసి నోటు ఉంచేసుకుంటారు, డబ్బు ఇవ్వరు, నోటు తిరిగి ఇవ్వరు. రసీదు మాత్రం ఇచ్చి తీరాలి. అది చేతికొచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.