జవాబుల పేజీతో సొంత చదువు – మూడో పాఠం: తప్పు ఏ వరుసలో ఉంది?

గత పాఠంలో లెక్క పూర్తయ్యే దాకా వర్క్‌బుక్ వెనక పేజీ తెరవకుండా ఉండటం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు లెక్క చేశారు, కింద గీత గీశారు, పేజీ తిప్పి చూశారు. మీ జవాబు 37. వెనక 9 అని ఉంది.

అసలు కాపీ మొదలయ్యేది ఇక్కడే. 37 కొట్టేసి 9 అని రాసేయడం చిన్నపిల్లల పని, ఎవరైనా కనిపెట్టేస్తారు. కాస్త పెద్ద తరగతుల్లో పద్ధతి మారుతుంది: 9 రావాలని తెలిసింది కాబట్టి కింది నుంచి పైకి వెళ్తూ, ఎక్కడో ఒక గుర్తు మార్చి లెక్కను 9కి సర్దేస్తారు. చూడటానికి లెక్క తానే దిద్దుకున్నట్టు ఉంటుంది. తేడా తెలుసుకోవాలంటే దిద్దిన వరుసకూ దాని పైవరుసకూ మధ్య చూడండి. పైవరుసలోంచి కింది వరుస నిజంగా వస్తోందా? రాకపోతే అది దిద్దడం కాదు, అతికించడం.

ఈ పాఠంలో ఆ 9తో ఇంకో పని చేయిద్దాం. మీ లెక్కలో తప్పు ఏ వరుసలో దూరిందో అదే చూపిస్తుంది. లెక్క ఇది:

```
1)  3(x − 4) − 2(x − 7) = 11
2)  3x − 12 − 2x − 14 = 11
3)  x − 26 = 11
4)  x = 37
```

తప్పు మీకు ముందే కనిపించిందేమో. అయినా కనిపించనట్టే నడవండి. మీ సొంత లెక్కలో తప్పు అంత తొందరగా కనిపించదు. రాసేటప్పుడు ఏ కన్ను దాన్ని ఒప్పు అనుకుందో, మళ్లీ చూసేదీ ఆ కన్నే.

ముందుగా వెనక పేజీనే పరీక్షించాలి. ప్రశ్నలో x ఉన్నచోటల్లా 9 పెట్టండి. 9 − 4 అంటే 5, మూడుతో గుణిస్తే 15. 9 − 7 అంటే 2, రెండుతో గుణిస్తే 4. 15లోంచి 4 పోతే 11. సరిపోయింది, జవాబుల పేజీ ఒప్పే. ఇప్పుడు మీ 37 పెట్టండి: 3 × 33 = 99, 2 × 30 = 60, తేడా 39. ప్రశ్నలో ఉన్నది 11. కాబట్టి తప్పు మీదే. ఇది అరనిమిషం పని, కానీ మానకండి. జవాబుల పేజీల్లో అచ్చుతప్పులు ఉంటాయి. ఒక్కోసారి పక్క లెక్క జవాబు దీని నంబరు కింద పడుతుంది. ఆ పరీక్ష చేయకపోతే ఒప్పు లెక్కను పట్టుకుని గంటసేపు టెన్షన్ పడాల్సి వస్తుంది.

ఇక అదే 9ని మీ లెక్కలో ఒక్కో వరుసలో పెడుతూ కిందికి దిగండి. మొదటి వరుస ప్రశ్నే కాబట్టి 11 = 11. రెండో వరుసలో 27 − 12 − 18 − 14, అంటే −17 వచ్చింది. కుడివైపు 11 ఉంది, నిలబడలేదు. ఒకటో వరుస నిలబడింది, రెండోది పడిపోయింది కాబట్టి తప్పు ఆ రెంటి మధ్యే జరిగింది. బ్రాకెట్ విప్పేటప్పుడు −2తో −7ని గుణిస్తే +14 రావాలి, మీరు −14 రాశారు.

అక్కడే ఆగకుండా మూడో వరుసలోనూ 9 పెట్టి చూడండి. 9 − 26 అన్నా −17. రెండో వరుసలో వచ్చిన సంఖ్యే మళ్లీ వచ్చింది. అంటే రెండు నుంచి మూడుకు వచ్చేటప్పుడు కొత్త తప్పేమీ చేయలేదు. సంఖ్య మారి ఉంటే మాత్రం అక్కడ ఇంకో తప్పు కోసం వెతకాలి.

ఇంకో చిన్న జాడ కూడా ఉంది, నాకైతే ఇది చాలా ఇష్టం. 37కూ 9కీ తేడా 28. అందులో సగం 14. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడితే తేడా ఆ సంఖ్యకు రెట్టింపు వస్తుంది, ఎందుకంటే +14 పోవడమే కాక −14 కూడా వచ్చి చేరింది. కాబట్టి తేడాను సగం చేసి, ఆ సంఖ్య మీ లెక్కలో ఎక్కడుందో చూస్తే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. చివర్లో xకి ముందు వేరే గుణకం లేని లెక్కల్లోనే ఇది ఇంత నేరుగా పనిచేస్తుంది. 2x, 5x లాంటివి మిగిలితే జవాబుల తేడాను ముందు ఆ గుణకంతో గుణించి, తర్వాత సగం చేయాలి.

మాటల్లో ఇచ్చిన లెక్కల్లో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు, 20 ఏళ్ల తర్వాత 2 రెట్లు అవుతుంది, కొడుకు వయసెంత? ఒకరు ఇలా రాశారనుకోండి:

```
1)  4x + 20 = 2x + 20
2)  2x = 0
3)  x = 0
```

వెనక జవాబు 10. మొదటి వరుసలోనే పెట్టి చూస్తే ఎడమవైపు 60, కుడివైపు 40. మొదటి వరుసే పడిపోయిందంటే గుణకారాల్లో, గుర్తుల్లో వెతకడం దండగ. ప్రశ్నను సమీకరణంగా మార్చడంలోనే తప్పుంది. 20 ఏళ్లు కొడుక్కీ గడుస్తాయి, రెట్టింపు అవ్వాల్సింది ఆ పెరిగిన వయసు, అంటే 2(x + 20). ఇలాంటి లెక్కల్లో జవాబుల పేజీని కూడా సమీకరణంలో కాదు, ప్రశ్న మాటల్లోనే పరీక్షించాలి: కొడుకు 10, తండ్రి 40, ఇరవై ఏళ్లకు 30, 60. సరిపోయింది. అదే ప్రశ్న తండ్రి వయసు అడిగితే వెనక 40 ఉంటుంది, అది x కాదు. దాన్ని తీసుకెళ్లి x స్థానంలో పెడితే ఒప్పు లెక్క కూడా తప్పులా కనిపిస్తుంది.

తప్పు వరుస దొరికాక దాని మీద దిద్దకండి. పక్కన చిన్న గుర్తు పెట్టి, ఏం జరిగిందో నాలుగు మాటల్లో రాయండి: ‘మైనస్ బయట, మైనస్ లోపల’. వెనక పేజీ మూసేసి, నిలబడిన చివరి వరుస నుంచి కొత్తగా చేయండి. ఈ లెక్కలో అది ఒకటో వరుస. తర్వాత అదే రకం లెక్క ఇంకోటి చేసి చూసుకోండి. మొత్తం అభ్యాసం అయ్యాక ఒకేసారి చూస్తే అదే తప్పు ప్రతి లెక్కలోనూ కూర్చుని ఉంటుంది. అందుకే ఒక రకం లెక్కలు రెండు మూడు కాగానే చూసుకోవడం నయం.

వచ్చే పాఠం లోపు ఇది చేయండి. జవాబుల పేజీలో 4 అని ఉంది. లెక్కను మళ్లీ చేయకుండా, 4ని ఒక్కో వరుసలో పెట్టి తప్పు ఏ రెండు వరుసల మధ్య ఉందో చెప్పండి. ఆ తర్వాత తేడాను సగం చేసే పద్ధతితో కూడా అదే చోటికి రాగలరేమో చూడండి. గుణకం సంగతి మరవద్దు.

```
1)  5(x + 2) − 3(x − 4) = 30
2)  5x + 10 − 3x + 12 = 30
3)  2x + 22 = 30
4)  2x = 52
5)  x = 26
```