రాగి పైపుపై బిగుసుకుపోయిన ఆలివ్ రింగ్: సమస్య - పరిష్కారం

సమస్య

బ్రిటన్‌లోని ఇళ్లలో వాష్‌బేసిన్ కింద 15 మిల్లీమీటర్ల రాగి పైపుకు ఉన్న పాత వాల్వును మార్చేటప్పుడు, పైపును వాల్వుకు బిగించే కంప్రెషన్ నట్ వాల్వు నుంచి సులువుగానే ఊడివస్తుంది గానీ, దాని ముందు పైపు చుట్టూ తొడిగి ఉన్న ఇత్తడి ఆలివ్ రింగ్ మాత్రం పైపును వదలదు. రింగ్ రానిదే దాని వెనకనున్న నట్ కూడా పైపు నుంచి బయటికి రాదు.

కారణం

నట్ బిగించినప్పుడు రింగ్ అంచులు లోపలికి నొక్కుకుపోయి పైపును కరిచి పట్టుకుంటాయి. నీరు కారకుండా ఆపేది ఈ పట్టే కనుక ఇది లోపం కాదు. అయితే అతిగా బిగిస్తే ఆ చోట పైపు సన్నబడి, రింగ్ ఆ పల్లంలో కూరుకుపోతుంది. రింగ్ చేతితో తిరుగుతూ పైపు చివర మాత్రమే అడ్డుపడుతుంటే, పైపు కోసినప్పుడు మిగిలిన గరుకు అంచే అందుకు కారణం. ఆ అంచును ఆకురాయితో నునుపు చేస్తే రింగ్ జారి వచ్చేస్తుంది.

పరిష్కారం

మొదట నీటిని కట్టేసి, పైపులో మిగిలినది ఖాళీ చేయాలి. పైపు తగినంత పొడవుంటే రింగ్ వెనక నుంచి పైపు కట్టర్‌తో కోసేయడమే మేలు, ఎందుకంటే కొత్త రింగ్‌కు నలగని పైపు దొరుకుతుంది. గోడలోంచి కొద్దిగానే బయటికి వచ్చిన పైపుకు ఆ అవకాశం ఉండదు. అక్కడ ఆలివ్ పుల్లర్ వాడాలి. దాని కడ్డీని పైపులోకి దూర్చి, పాత నట్‌ను పుల్లర్ మరకు ఎక్కించి పిడి తిప్పితే, నట్ తానే రింగ్‌ను వెనక నుంచి నెట్టుకొస్తుంది.

పుల్లర్ లేనప్పుడు చిన్న హ్యాక్సాతో రింగ్‌ను ఏటవాలుగా కోయాలి. ఈ పైపు గోడ మందం సాధారణంగా 0.7 మిల్లీమీటరే కనుక తొందర పనికిరాదు. రాలే పొడి పసుపుగా ఉన్నంతవరకు రంపం ఇత్తడిలోనే ఉన్నట్టు. ఎర్రటి మెరుపు కనబడితే రాగికి తగిలినట్టే. నిజానికి అంతదాకా పోకుండా, పలుచని పొర మిగిలి ఉండగానే రంపం ఆపి, ఆ గాడిలో చదును స్క్రూడ్రైవర్ మొన పెట్టి మెలితిప్పాలి. రింగ్ చిట్లి, వదులై, చేతికి వస్తుంది. రింగ్ కూడా రాగిదైతే రంగు తేడా తెలియదు కాబట్టి రెండు మూడు లాగులకోసారి గాడిని చూసుకోవాలి. పట్టుకారుతో రింగ్‌ను బలంగా మెలిపెట్టే పద్ధతిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే అందులో పైపు గుండ్రదనం పోతుంది.

రింగ్ వచ్చాక పైపును స్టీల్ ఊలుతో శుభ్రం చేసి, గోటితో చుట్టూ తడిమి చూడాలి. గోరు తట్టుకునేంత లోతుగా గీత ఉంటే ఆ చోట కొత్త రింగ్ నీటిని ఆపలేదు; అంతమేర పైపు కోసి అతుకు వేయక తప్పదు. గీత లేకపోతే కొత్త రింగ్ తొడిగి, పైపును వాల్వులో ఆగేవరకు నెట్టి, నట్‌ను చేతితో బిగించాక పానాతో సుమారు ఒక చుట్టు తిప్పాలి. నీరు వదిలి, జాయింటు చుట్టూ పొడి కాగితం అద్ది చూడాలి. తడి అంటితే మరో పావు చుట్టు బిగిస్తే చాలు.