ఫోటో చూసి జర్మన్ షెపర్డ్‌కి మార్కులు వేసే ముందు

పాదాలు కనిపిస్తున్నాయా? ముందు అది చూడండి. భీమవరం నుంచి మా బావ పంపిన ఫోటోలో కుక్క చేనుగట్టు మీద గడ్డిలో నిలబడి ఉంది, ఫోను పైనుంచి పట్టారు. రొమ్ము ఎముక ముందు కొస నుంచి తుంటి వెనుక కొస దాకా స్క్రీన్ మీద కొలిస్తే 12.5 సెం.మీ., భుజాల మీది నుంచి గడ్డిలో కాళ్లు కనిపించిన చోటిదాకా ఎత్తు 10. అంటే పొడవు 25 శాతం ఎక్కువ. అంతర్జాతీయ శునక సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణంలో అది 10 నుంచి 17 శాతమే.

"బావా, సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, కూర్చుని, ఫోను దాని భుజం ఎత్తులో పట్టి, కాస్త దూరం నుంచి సరిగ్గా పక్కనుంచి తియ్యి" అన్నాను. ఈసారి పొడవు 11.3, ఎత్తు 10 వచ్చింది, అంటే 13 శాతమే ఎక్కువ. కుక్క అదే!

తల దగ్గర్నుంచి తీస్తే మూతి సాగినట్టు కనిపిస్తుంది, ఆ ఫోటో పక్కన పెట్టేయండి.

చెవులు వాలాయని తొందరపడొద్దు. వయసు అడగండి. నాలుగైదు నెలల్లో పళ్లు మారేటప్పుడు నిలబడ్డ చెవి కూడా వాలొచ్చు. పెద్ద కుక్కైనా భయపడితే వెనక్కి వాల్చేస్తుంది.

కాలవలో ఈది వచ్చిన తడి బొచ్చు మీద తీర్పు అసలే వద్దు. లోపలి ఉన్ని ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది.